నాలుగు కాంటాల పత్తి, ఒక్క మొత్తం: బిందువు కింద బిందువు పెట్టి దశాంశాలు కూడే పద్ధతి

పత్తి అమ్మకాల రోజుల్లో ఒక పొద్దున ఆరో తరగతి అమ్మాయి ఒకతి నోటుబుక్కు పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. "సార్, మా బాపు నాలుగు సార్లు ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీస్కపోయిండు. మొత్తం ఎన్ని క్వింటాళ్లయిందో లెక్క చేయుమన్నడు. చేసిన, కరెక్టేనా చూడుర్రి" అంది. నోటుబుక్కులో నాలుగు అంకెలు ఉన్నాయి. నాలుగూ నాలుగు తీర్లుగా ఉన్నాయి.

```
6.4
5.75
7.08
9
```

కింద ఆమె వేసిన జవాబు 27.87. చూడగానే తప్పని ఎవరికీ అనిపించదు. ఆరు, దాదాపు ఆరు, ఏడు, తొమ్మిది కలిపితే ఇరవై ఎనిమిది దగ్గరికి రావాలి, అలాగే వచ్చింది. కానీ అసలు మొత్తం 28.23. ఆ అమ్మాయి లెక్కలో 36 కిలోల పత్తి మాయమైంది. క్వింటాలు 7,000 రూపాయల చొప్పున అనుకుంటే అది 2,520 రూపాయలు.

బిందువు తర్వాత ఒక దాంట్లో ఒక అంకె, ఇంకో దాంట్లో రెండు అంకెలు, మరో దాంట్లో అసలు బిందువే లేకపోవడం. దశాంశాల కూడికలో పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అన్నింటికీ బిందువు తర్వాత సమానంగా అంకెలు ఉంటే మామూలు కూడికలాగే చేసేస్తారు. అందుకే ఈ నాలుగు అంకెలనే పట్టుకొని, ఒక్కో అడుగూ ఎందుకు వేయాలో కూడా చెబుతూ మొత్తం లెక్క చేద్దాం.

ముందు చదవడం సరిగ్గా రావాలి

పెన్సిలు పట్టకముందే అంకెలను పైకి చదివించండి. సగం తప్పులు ఇక్కడే దొరుకుతాయి. చాలామంది 5.75ను "ఐదు పాయింట్ డెబ్బై ఐదు" అని చదువుతారు, 6.4ను "ఆరు పాయింట్ నాలుగు" అంటారు. అలా చదివితే చెవికి డెబ్బై ఐదు పెద్దదిగా, నాలుగు చిన్నదిగా వినిపిస్తుంది. అప్పుడు పిల్లలు బిందువు తర్వాత ఉన్నదాన్ని ఒక విడి సంఖ్య అనుకుంటారు. 75, 4, 8 అన్నీ ఒకే జాతి అనుకొని కలిపేస్తారు.

సరైన తీరు ఒక్కో అంకెనూ విడిగా పలకడం: "ఐదు పాయింట్ ఏడు ఐదు", "ఏడు పాయింట్ సున్నా ఎనిమిది". ఆ తర్వాత ఒక్కో అంకె ఎంత బరువో అడగండి. క్వింటాలుకు వంద కిలోలు కాబట్టి ఇది చాలా సులువు. బిందువు తర్వాత మొదటి స్థానం పదో వంతులది, అంటే క్వింటాలులో పదో వంతు, పది కిలోలు. రెండో స్థానం వందో వంతులది, అంటే ఒక కిలో.

ఇప్పుడు 6.4 అంటే ఆరు క్వింటాళ్లు, నాలుగు పది కిలోలు. అంటే ఆరు క్వింటాళ్ల నలభై కిలోలు. ఆరు క్వింటాళ్ల నాలుగు కిలోలు కాదు. 7.08 అంటే ఏడు క్వింటాళ్లు, పది కిలోలు ఒక్కటీ లేవు, ఎనిమిది కిలోలు ఉన్నాయి. ఈ రెండూ నోటితో చెప్పగలిగితే మిగతా పని చెయ్యి చేసుకుపోతుంది. చెప్పలేకపోతే మాత్రం కూడికకు పోవద్దు, ఇక్కడే ఇంకో పది నిమిషాలు కూర్చోండి.

నిలువు గీత, దాని మీద బిందువులు

గళ్ల కాగితం ఉంటే మంచిది. ఒక్కో గడిలో ఒక్కో అంకె. బిందువుకు విడిగా గడి ఇవ్వొద్దు, రెండు గళ్ల మధ్య ఉన్న గీత మీదే పెట్టించండి. గళ్ల కాగితం లేకపోతే తెల్లకాగితం మీద పైనుంచి కిందికి ఒక నిలువు గీత గీసుకుంటే చాలు.

అంకెలు రాసి తర్వాత బిందువులు సరిచేయడం కాకుండా, ముందే గీత మీద ఒకదాని కింద ఒకటి బిందువులన్నీ పెట్టేయండి. ఆ తర్వాత ప్రతి బిందువుకు ఎడమ పక్క క్వింటాళ్లు, కుడి పక్క కిలోల అంకెలు రాయండి. ఎడమ చేతి వైపు అంకెలు బిందువు నుంచి ఎడమకు, కుడి వైపు అంకెలు బిందువు నుంచి కుడికి పోవాలి. రెండు వైపులా మొదలు బిందువే.

ఇలా ఎందుకంటే, పూర్ణాంకాల కూడికలో పిల్లలకు ఒక అలవాటు పాతుకుపోయి ఉంటుంది. అన్నింటినీ కుడి అంచుకు ఆనించి రాస్తారు. అక్కడ అది సరైనదే, ఎందుకంటే పూర్ణాంకంలో కుడి చివర ఎప్పుడూ ఒకట్ల స్థానమే ఉంటుంది. దశాంశాల్లో కుడి చివర ఏ స్థానం ఉంటుందో చెప్పలేం. 6.4 చివర పదో వంతులు, 5.75 చివర వందో వంతులు, 9 చివర ఒకట్లు. మూడు చోట్లా ఏ స్థానం ఎక్కడుందో కచ్చితంగా చెప్పే గుర్తు బిందువు ఒక్కటే. అందుకే దాన్ని వరుసలో పెడతాం. బిందువులు ఒకే గీత మీద ఉంటే క్వింటాళ్ల కింద క్వింటాళ్లు, పది కిలోల కింద పది కిలోలు, కిలోల కింద కిలోలు వాటంతట అవే వస్తాయి.

బిందువు కనిపించని 9

తొమ్మిది దగ్గర పిల్లలు ఆగిపోతారు. బిందువు లేదు కదా, ఎక్కడ పెట్టాలి? పూర్ణాంకానికి బిందువు దాని కుడి పక్కన ఉంటుంది, అవసరం లేక రాయలేదంతే. తొమ్మిది క్వింటాళ్లు, పైన కిలోలు ఏమీ లేవు. కాబట్టి 9 అంటే 9.00.

దీన్ని తేలికగా దాటేయొద్దు. బిందువు లేని సంఖ్యను కుడి చివర, కిలోల వరుసలో రాసేసే పిల్లలు చాలామంది ఉంటారు. అలా రాస్తే తొమ్మిది క్వింటాళ్లు తొమ్మిది కిలోలు అయిపోతాయి. ఒక ట్రాలీ ఆటో పత్తి ఒక్క చిన్న మూట కింద మారిపోయినట్టు.

ఖాళీ గళ్లలో సున్నాలు

ఇప్పుడు 6.4 పక్కన ఒక గడి ఖాళీగా ఉంది. అక్కడ సున్నా వేయాలి, 6.40 అవుతుంది. నాలుగు పది కిలోలు, విడి కిలోలు సున్నా. అదే నలభై కిలోలు, బరువేమీ మారలేదు. అన్నింటిలోకీ ఎక్కువ అంకెలు దేనికి ఉన్నాయో చూసి, మిగతావాటిని ఆ పొడవుకు తెస్తే సరిపోతుంది. ఇక్కడ ఎక్కువ రెండు అంకెలు.

సున్నా ఎక్కడ వేస్తున్నామన్నది ముఖ్యం. నాలుగుకు కుడి పక్కన వేస్తే 6.40, విలువ అదే. నాలుగుకు ఎడమ పక్కన వేస్తే 6.04, అంటే ఆరు క్వింటాళ్ల నాలుగు కిలోలు. 36 కిలోలు పోతాయి. పిల్లలు "సున్నాకు విలువ లేదు కదా సార్" అంటారు. సున్నాకు విలువ లేకపోవచ్చు, కానీ అది పక్క అంకెను ఇంకో స్థానంలోకి నెట్టగలదు. చివర్లో వేసినప్పుడు ఎవరినీ నెట్టదు, మధ్యలో వేస్తే నెడుతుంది. ఇంతే తేడా.

అసలు ఈ అంకెలు పొడవు తక్కువై ఎందుకు వస్తాయంటే, చాలాసార్లు చివరి సున్నాను ఎవరో ఒకరు వదిలేసి ఉంటారు. ఫోన్ క్యాలిక్యులేటర్‌లో 640ని 100తో భాగిస్తే 6.4 అనే చూపిస్తుంది, 6.40 అని చూపించదు. కాబట్టి సున్నా చేర్చడమంటే వదిలేసినదాన్ని తిరిగి రాసుకోవడమే. ఒక్క జాగ్రత్త ఉంది. 6.4 అనేది కచ్చితమైన తూకం కాకుండా, పది కిలోల వరకే చూసి రాసిన ఉజ్జాయింపు అయితే, సున్నా వేసి కూడినా మొత్తంలోని చివరి అంకెను నమ్మలేం. కూడిక తప్పు కాదు, తూకమే అంత వరకే తెలుసు. ఈ అమ్మాయి వాళ్ల బాపును అడిగితే కాంటా మీద 640 కిలోలే చూపించిందన్నాడు కాబట్టి మనకు ఆ ఇబ్బంది లేదు.

కుడి నుంచి కూడడం

ఇప్పుడు లెక్క ఇలా ఉంటుంది.

```
   6.40
   5.75
   7.08
 + 9.00
 ------
  28.23
```

కుడి చివరి వరుసతో మొదలుపెట్టాలి. 0, 5, 8, 0 కలిపితే 13. పదమూడు కిలోలంటే ఒక పది కిలోలు, మూడు విడి కిలోలు. మూడు కింద వేసి, ఒకటి చేతిలో పెట్టుకొని పక్క వరుసకు ఇవ్వాలి. ఆ వరుసలో 4, 7, 0, 0, చేతిలోని 1 కలిపితే 12. పన్నెండు పది కిలోలంటే నూట ఇరవై కిలోలు, అంటే ఒక క్వింటాలు, పైన రెండు పది కిలోలు. రెండు కింద వేసి, ఒకటి బిందువు దాటించి క్వింటాళ్ల వరుసకు ఇవ్వాలి. అక్కడ 6, 5, 7, 9, ఇంకో 1 కలిపితే 28.

బిందువు దాటించడం దగ్గర పిల్లలు జంకుతారు. బిందువును గోడ అనుకుంటారు. పది కిలోలవి పది పోగులు పక్కపక్కన పెడితే క్వింటాలు అవుతుందని చూపిస్తే ఆ భయం పోతుంది. ఏ స్థానం నుంచైనా పది కాగానే ఎడమ పక్క స్థానంలో ఒకటి, మధ్యలో బిందువు ఉన్నా లేకున్నా ఇదే నియమం.

జవాబులో బిందువును పైనున్న బిందువుల గీత మీదే దించాలి. నిజానికి కూడిక మొదలుపెట్టే ముందే కింద కూడా బిందువు పెట్టించడం నాకు ఇష్టం. చివర్లో పెట్టమంటే, గుణకారంలో చేసినట్టు బిందువు తర్వాత అంకెలన్నీ లెక్కబెట్టే పిల్లలు ఉంటారు. కూడికలో అలా లెక్కబెట్టే పనే లేదు.

జవాబు సరి చూసుకోవడం, తప్పులు పట్టుకోవడం

మొదటి పరీక్ష అందరికీ తెలిసిందే. దగ్గరి పూర్ణాంకాలకు మార్చి కూడడం. 6, 6, 7, 9 కలిపితే 28. మన జవాబు 28.23, బాగానే ఉంది. కుడి అంచుకు ఆనించి రాసేవాళ్ల తప్పును ఈ పరీక్ష వెంటనే పట్టిస్తుంది. బిందువులు వదిలేసి అంకెలను మాత్రమే చూస్తే వాళ్ల లెక్క ఇలా ఉంటుంది.

```
    64
   575
   708
 +   9
 -----
  1356
```

దీనికి చివర్నుంచి రెండు అంకెల తర్వాత బిందువు పెట్టి 13.56 అంటారు. 28 దగ్గరికి రావాల్సిన చోట సగం కూడా రాలేదు. ఎవరికైనా అనుమానం వస్తుంది.

కానీ మొదట్లో చెప్పిన 27.87ను ఈ పరీక్ష పట్టుకోలేదు. దాన్ని దగ్గరి పూర్ణాంకానికి మార్చినా 28 అవుతుంది. ఆ అమ్మాయి చేసింది ఏమిటంటే, బిందువుకు ఎడమ పక్కవి విడిగా కూడింది: 6, 5, 7, 9 కలిపి 27. కుడి పక్కవి విడిగా కూడింది: 4, 75, 8 కలిపి 87. రెండూ పక్కపక్కన పెట్టి 27.87 అంది. చూడండి, ఆమె 8 దగ్గర తప్పు చేయలేదు. 08 అంటే ఎనిమిది కిలోలే. 75 కూడా సరే. తప్పంతా ఆ ఒక్క 4 దగ్గరే ఉంది. నలభైని నాలుగు చేసింది. అందుకే తేడా సరిగ్గా 36 కిలోలు. ఈ తప్పు పెద్దగా కనిపించదు కాబట్టే ప్రమాదం.

ఇదే ఆలోచనతో ఇంకో తీరు తప్పు కూడా వస్తుంది. 5.75కు 6.40 కలపమంటే ఐదు ఆరు పదకొండు, డెబ్బై ఐదు నలభై నూట పదిహేను, కాబట్టి 11.115 అని రాస్తారు. సున్నా సరిగ్గా వేశారు, కానీ నూట పదిహేను కిలోల్లో ఒక క్వింటాలు ఉందని బిందువు దాటించలేదు. సరైన జవాబు 12.15. రెండేసి అంకెలున్న సంఖ్యలను కూడితే బిందువు తర్వాత మూడు అంకెలు ఎప్పటికీ రావు. అలా వచ్చిందంటే ఇదే జరిగిందని గుర్తు.

అందుకని నేను నమ్మే పరీక్ష రెండోది: అంతా చిన్న కొలతలోకి మార్చి, బిందువు లేకుండా ఒకసారి కూడడం. ఈ నాలుగు తూకాలు కిలోల్లో 640, 575, 708, 900. మొత్తం 2,823 కిలోలు. అంటే 28 క్వింటాళ్ల 23 కిలోలు. బిందువు లెక్కా ఇదీ ఒక్కటే కావాలి. ఆ అమ్మాయితో ఇదే చేయించాను. 640 రాయగానే ఆమె చెయ్యి ఆగింది. తన నోటుబుక్కులోని 4 వైపు చూసి, "సార్, ఇది నలభయ్యి" అని తానే దిద్దుకుంది.

మూడు స్థానాలు వచ్చినప్పుడు

బంగారం దుకాణాల్లో కాంటా గ్రాములో వెయ్యో వంతు దాకా చూపిస్తుంది. పాత కమ్మలు, ఉంగరం, గొలుసు ముక్క కలిపి మార్చుకోవాలనుకున్న ఇంట్లో కాగితం మీద 8.35, 4.125, 2.6 గ్రాములు అని రాసుకున్నారనుకుందాం. ఎక్కువ అంకెలు మూడు కాబట్టి అన్నింటినీ మూడుకు తేవాలి.

```
   8.350
   4.125
 + 2.600
 -------
  15.075
```

పద్ధతి అదే, కొత్తదేమీ లేదు. చూడాల్సింది పదో వంతుల వరుస. 3, 1, 6 కలిపితే సరిగ్గా పది. సున్నా కింద వేసి ఒకటి గ్రాముల వరుసకు ఇవ్వాలి. ఒకటి ఇచ్చేశాం కదా అని ఆ సున్నా రాయడం మరిచిపోతే జవాబు 15.75 అవుతుంది, 0.675 గ్రాముల లేని బంగారం వచ్చి చేరుతుంది. చివరి సున్నా వదిలేసినా నష్టం లేదు, మధ్య సున్నాను మాత్రం వదలకూడదు. ప్రతి వరుస కిందా ఏదో ఒక అంకె ఉందా అని వేలు పెట్టి చూసుకోమనండి.

బిందువులా కనిపించేవి అన్నీ దశాంశాలు కావు

మన ఊళ్లలో ఈ సంగతి చెప్పకుండా పాఠం పూర్తి కాదు. భూమి లెక్కలో 2.30 అని రాస్తే రెండు ఎకరాల ముప్పై గుంటలు. ఎకరాకు గుంటలు నలభై, వంద కాదు. అక్కడి చుక్క ఎకరాలను, గుంటలను విడదీయడానికి పెట్టిందే తప్ప దశాంశ బిందువు కాదు. కాబట్టి 2.30కి 1.20 కలపమంటే చుక్కలు ఎంత చక్కగా వరుసలో పెట్టినా 3.50 అనడం తప్పు. ముప్పై గుంటలకు ఇరవై కలిపితే యాభై. అందులో నలభై ఒక ఎకరం, మిగిలినవి పది. మొత్తం నాలుగు ఎకరాల పది గుంటలు. క్రికెట్ ఓవర్లు కూడా ఇంతే, ఓవరుకు ఆరు బంతులు కాబట్టి 3.4 ఓవర్లకు 2.5 ఓవర్లు కలిపితే 6.3 ఓవర్లు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద పైసలు కాకముందు, రూపాయికి పదహారు అణాలున్న రోజుల్లో డబ్బు లెక్కకూ ఇదే చిక్కు ఉండేది.

పెద్ద కొలతలో చిన్నవి పది, వంద, వెయ్యి ఉంటేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. గుంటలను నిజంగా దశాంశాల్లో కూడాలంటే ముందు నలభైతో భాగించాలి. ముప్పై గుంటలు 0.75 ఎకరం, ఇరవై గుంటలు 0.5 ఎకరం. అప్పుడు లెక్క 2.75కు 1.5 కలపడం అవుతుంది. ఒక దానికి రెండు అంకెలు, ఇంకో దానికి ఒకటి, కాబట్టి మళ్లీ సున్నా వేయాలి.

```
   2.75
 + 1.50
 ------
   4.25
```

4.25 ఎకరాలంటే నాలుగు ఎకరాలు, పైన పావు ఎకరం. పావు ఎకరం పది గుంటలు.